కందిపొడి ప్యాకెట్‌కి 199 ఎలా కుదిరింది: కొత్త లిస్టింగ్‌లకు ధర కట్టిన ఒక కేసు

తణుకు దగ్గర ఒక ఊళ్లో దంపతులు ఇంట్లోనే పొడులు కొట్టి అమ్ముతారు. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం. చాలాకాలంగా వాట్సాప్ ఆర్డర్లే వాళ్ల వ్యాపారం. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి చెబితే కొరియర్లో పంపేవారు. 200 గ్రాముల ప్యాకెట్ 120 రూపాయలు, కొరియర్ ఖర్చు కొన్నవాళ్లదే. అలాంటివాళ్లు ఒక పెద్ద ఈ-కామర్స్ సైట్‌లో లిస్టింగులు పెట్టాలనుకున్నారు. చిన్న తయారీదారులకు లిస్టింగులు, ధరలు చూసిపెట్టడం నా పని కాబట్టి లెక్క నా దగ్గరికొచ్చింది.

వాళ్లు అనుకుని వచ్చిన ధర 149. సైట్‌లో మిగతావాళ్ల పొడులు 120 నుంచి 200 దాకా ఉన్నాయి, కొత్తవాళ్లం కాబట్టి మధ్యకంటే కాస్త కిందే ఉండాలన్నది వాళ్ల ఆలోచన. తయారీకి 71 అవుతోంది కదా, 149కి అమ్మితే సగానికి సగం మిగులుతుందని లెక్కేసుకున్నారు. నేను 199 అనేసరికి ఆవిడ, "బాబూ, ఇక్కడ నూట ఇరవైకిస్తుంటేనే పక్కవాళ్లు బేరమాడుతున్నారు, రెండొందలంటే ఎవరు కొంటారు?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు ప్యాకెట్ ధరలో దొరకదు, పార్శిల్ ధరలో దొరుకుతుంది.

ప్యాకెట్ లెక్క వేరు, పార్శిల్ లెక్క వేరు

వాట్సాప్‌లో 120కి కొన్న మనిషి కొరియర్‌కి ఇంకో 60, 70 తన జేబులోంచి కడుతున్నాడు. అంటే అతనికి ఆ ప్యాకెట్ ఇంటికొచ్చేసరికి 180, 190 పడుతూనే ఉంది. సైట్‌లో కొనేవాడికి ఆ రెండు అంకెలు విడివిడిగా కనపడవు, ఒక్కటే కనపడుతుంది. కాబట్టి మనం పోల్చాల్సింది 199ని 120తో కాదు, 190తో.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. పప్పు, మిరపకాయలు, జీలకర్ర, వేయించే గ్యాస్, కూలి, పౌచ్, లేబుల్ అన్నీ కలిపి ప్యాకెట్‌కి 71. పైన కొరియర్ కవర్, లోపల బబుల్ షీట్, టేపు 8. సైట్ వాళ్లు తీసుకునేవి మూడు రకాలు: అమ్మిన ధర మీద కమీషన్, ధర ఏ స్లాబ్‌లో పడిందో దాన్నిబట్టి క్లోజింగ్ ఫీజు, బరువునిబట్టి షిప్పింగ్. వీళ్ల ఖాతాకి అప్పుడున్న ఫీజుల కార్డు ప్రకారం కమీషన్ 6 శాతం. క్లోజింగ్ ఫీజు 250 దాకా 10 రూపాయలు, 251 నుంచి 500 దాకా 15, 501 నుంచి 1000 దాకా 30. షిప్పింగ్ అర కిలో దాకా సగటున 60, కిలో దాకా 85. ఈ కార్డులు సైట్‌నిబట్టి, కేటగిరీనిబట్టి మారతాయి. మధ్యమధ్యలో ఉన్నట్టుండి కూడా మారతాయి. లెక్క వేసేముందు ఈరోజు కార్డు తెరిచి చూసుకోవాల్సిందే. ఈ ఫీజులన్నిటి మీదా మళ్లీ 18 శాతం జీఎస్టీ.

149కి అమ్మితే కమీషన్ 9, క్లోజింగ్ 10, షిప్పింగ్ 60 అయి, జీఎస్టీతో 93 దాటుతుంది. సరుకు, ప్యాకింగ్ 79. రెండూ కలిపితే 172. అంటే ప్రతి ప్యాకెట్ మీదా 23 రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. సగం మిగులుతుందనుకున్న చోట ఇదీ పరిస్థితి. 199 దగ్గర ఫీజులు 97 అవుతాయి, మిగిలేది 23. అటు 23 నష్టం, ఇటు 23 మిగులు.

ఇక్కడ జీఎస్టీ గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది దగ్గర ఈ లెక్కే తప్పుతుంది. పొడుల మీద వీళ్ల ఆడిటర్ పెట్టిన రేటు 5 శాతం. 199లో ఆ పన్ను తొమ్మిదిన్నర రూపాయలు. కానీ సైట్ ఫీజుల మీద వీళ్లు కడుతున్న జీఎస్టీ దాదాపు 15 రూపాయలు. ఆ 15ని ఈ తొమ్మిదిన్నరకి సర్దుకోవచ్చు, మిగిలిన ఐదు పైచిలుకు క్రెడిట్‌గా ఖాతాలో ఉండిపోతుంది. అమ్మకం మీద పన్ను తక్కువ, కొనుగోలు మీద ఎక్కువ ఉన్నప్పుడు రీఫండ్ అడిగే వీలుంది కదా అంటారు. ఆ రీఫండ్ కొన్న సరుకు మీద కట్టిన పన్నుకే, కమీషన్, షిప్పింగ్ లాంటి సేవల మీద కట్టినదానికి రాదు. 2021లో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధనను సమర్థించింది. అందుకని చిన్న ధర వస్తువులకు నేను ఫీజులను జీఎస్టీతో కలిపి ఖర్చులోనే రాస్తాను. "క్రెడిట్ వస్తుందిలే" అని పక్కన పెడితే కాగితం మీద మిగులు కనిపిస్తుంది, బ్యాంకులో కనిపించదు. సైట్ వాళ్లు పట్టుకునే 0.5 శాతం టీసీఎస్, 0.1 శాతం టీడీఎస్ అలా కాదు. అవి ఖర్చు కావు, లెక్కలు దాఖలు చేశాక మనకే జమ అవుతాయి. కాకపోతే అన్నాళ్లూ ఆ డబ్బు చేతిలో ఉండదు.

199 అయినా బలహీనమైన ధరే

23 రూపాయలు ఎంత చిన్న మొత్తమో వెనక్కొచ్చిన పార్శిల్ చెబుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టిన మనిషి తలుపు తీయలేదనుకోండి, వెళ్లిన షిప్పింగ్ జీఎస్టీతో కలిపి 71 పోయింది, కవరు, టేపు 8 పోయాయి. పౌచ్ నలగకుండా తిరిగొచ్చి మళ్లీ అమ్మగలిగినా సరే, ఒక్క పార్శిల్ మూడు ఆర్డర్లకు పైగా మిగులును తినేసింది. ప్రకటనల సంగతీ అంతే. క్లిక్‌కి 4 రూపాయలు పడి, పన్నెండు క్లిక్కులకు ఒకరు కొంటే ఆర్డర్‌కి 48 అవుతుంది. సింగిల్ ప్యాకెట్ ఆ ఖర్చు మోయలేదు.

మరి ధర ఇంకా పెంచొచ్చు కదా? 209 చేస్తే మిగులు 23 నుంచి 32, 33కి వెళ్తుంది. అంటే ఆర్డర్లు 28 శాతం దాకా తగ్గినా మొత్తం మీద నష్టం లేదు. లెక్క ప్రకారం 209 బాగానే ఉంది. కొన్నాళ్లు పెట్టి చూశాం, ఆర్డర్లు మూడోవంతు దాకా తగ్గాయి, మళ్లీ 199కి దించాం. తగ్గడానికి ధరే కారణమని ప్రమాణం చేసి చెప్పలేను. రోజుకి పది ఆర్డర్లొచ్చే లిస్టింగ్‌లో ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ మామూలే. చిన్న అమ్మకందారుకి ఉన్న అసలు ఇబ్బంది ఇదే. ఐదు రూపాయలు, పది రూపాయల తేడా ఏం చేసిందో తేల్చడానికి సరిపడా ఆర్డర్లు ఉండవు. అందుకే ముందు లెక్కతో ఏ అంకెలు అసలు పనికిరావో తీసేసి, మిగిలినవాటిలో ఒకటి ఎంచుకోమంటాను.

199కి ఓటు వేయడానికి కారణాలు రెండు. ఒకటి, యాప్‌లో ధర ఫిల్టర్ పెట్టుకునేవాళ్లు 200 లోపు అని పెట్టుకుంటారు. 209 అక్కడ అసలు కనపడదు. రెండోది మనకందరికీ తెలిసిన బాటా రేటు. 199ని మనసు వంద చిల్లర కిందే వేసుకుంటుంది. ఇది ఊరికే నమ్మకం కాదు. ఎరిక్ ఆండర్సన్, డంకన్ సిమెస్టర్ అమెరికాలో బట్టల కేటలాగులతో చేసి 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకే దుస్తును 34, 39, 44 డాలర్లకు పెట్టి చూస్తే, 39 మిగతా రెండింటికన్నా ఎక్కువ అమ్ముడుపోయింది. తక్కువ ధరైన 34 కన్నా కూడా. మన కేసుకి పనికొచ్చే సంగతులు ఆ పరిశోధనలోనే ఇంకో రెండున్నాయి. తొమ్మిదితో ముగిసే ధర పాత వస్తువుకన్నా కొత్తగా వచ్చిన వస్తువుకి బాగా పనిచేసింది. పక్కన "సేల్" అని రాసి ఉన్నప్పుడు దాని బలం తగ్గినట్టు కనిపించింది. కొత్త లిస్టింగ్‌కి 199 పెట్టి, దాని మీదే మళ్లీ ఆఫర్ బ్యాడ్జి తగిలించడం ఒకే పనికి ఇద్దరు కూలీలను పెట్టడమే.

అయితే తొమ్మిదితో పాటు ఎడమ చివరి అంకె కూడా చూసుకోవాలి. 349కీ 345కీ మధ్య కొనేవాడికి పెద్ద తేడా ఉండదు, ఎడమ చివరి అంకె మారలేదు కదా. 199కీ 201కీ మధ్య ఆ అంకె మారుతుంది. కాబట్టి 345 అని పెట్టేవాళ్లు నాలుగు రూపాయలు ఊరికే వదులుకుంటున్నట్టే.

అర కిలో గీత

సింగిల్‌లో మిగిలేది లేదని తేలాక పని జంట ప్యాక్ మీదికి మళ్లింది. ఒక పార్శిల్‌కి పడే షిప్పింగ్, క్లోజింగ్, కవరు ఖర్చు లోపల ఒక ప్యాకెట్ ఉన్నా రెండున్నా దాదాపు ఒకటే. రెండో ప్యాకెట్‌కి అదనంగా అయ్యేది దాని తయారీ 71, రెండు రూపాయల ప్యాకింగ్, కాస్త కమీషన్. ఆ ఆదాలో కొంత కొనేవాడికిచ్చి, కొంత మనం ఉంచుకోవచ్చు. బండిల్ ధరంటే ఇంతే. మన మార్జిన్ కోసి ఇవ్వక్కర్లేదు.

కానీ ఒక షరతుంది, రెండు ప్యాకెట్లూ అర కిలో స్లాబ్‌లోనే పడాలి. పొడి 200 గ్రాములు, పౌచ్‌తో కలిపి 209. రెండు కలిపితే 418. మొదట వాళ్లు వీటిని 20, 15, 10 సెంటీమీటర్ల అట్టపెట్టెలో పెట్టారు. పెట్టె బరువే 90 గ్రాములు, మొత్తం 508. ఎనిమిది గ్రాముల కోసం కిలో స్లాబ్. పైగా కొరియర్లు తూకం ఒక్కటే చూడవు, పెట్టె కొలతలు మూడూ గుణించి 5000తో భాగిస్తారు. ఈ పెట్టెకి అది 600 గ్రాములు. తూకం, కొలత రెండిట్లో ఏది ఎక్కువైతే అదే బిల్లు. పెట్టె తీసేసి, పౌచులు పక్కపక్కన పడుకోబెట్టి, బబుల్ షీట్ చుట్టి, మందపాటి కొరియర్ కవర్లో పెడితే 24, 17, 5 సెంటీమీటర్లు వచ్చింది. తూకం 455. రెండు రకాలుగా చూసినా అర కిలో లోపే.

జంట ధర 349 పెట్టాం. పెట్టెలో పంపితే దాని మీద 54 మిగిలేది, కవర్లో పంపితే 84. ధర మీద చర్చలన్నిటికన్నా ఆ అట్టపెట్టె తీసేయడమే ఎక్కువ సంపాదించి పెట్టింది. ఒకటే జాగ్రత్త, పౌచ్ సీలు గట్టిగా ఉండాలి. పెట్టె లేనప్పుడు సీలు విడిస్తే కవరంతా కారం అవుతుంది, ఒక్క నక్షత్రం రివ్యూ పడుతుంది. సీలింగ్ మిషన్ వేడి కాస్త పెంచి, సీలు చేసిన ప్రతి విడతలోనూ రెండు పౌచులు మోకాలి ఎత్తు నుంచి నేలకేసి చూసేవారు.

మూడు ప్యాకెట్ల సెట్‌కి 499, 519 ఒకటే

మూడు ప్యాకెట్లయితే ఎలాగూ కిలో స్లాబే, 672 గ్రాములు. దీని ధర దగ్గర వాళ్లాయనకి 516 పెట్టాలని మనసు. ఇంట్లో శుభకార్యాలకి పంపేవాళ్లు కూడా కొంటారు, మనకి కలిసొచ్చే అంకె అన్నారు. మర్యాదగానే ఉంటుంది. కానీ 500 దాటగానే క్లోజింగ్ ఫీజు 15 నుంచి 30 అవుతుంది, దాని మీద జీఎస్టీ. 499కి అమ్మితే సెట్ మీద 120 మిగులుతుంది. 510కి అమ్మితే 113. 516కి 119 లోపే. 519 దగ్గరికొచ్చేసరికి గాని 499తో సమానం కాదు. అంటే 500కీ 519కీ మధ్య ఏ ధర పెట్టినా కొనేవాడు ఎక్కువ ఇస్తున్నాడు, మనకి తక్కువ వస్తోంది. ధరల్లో ఇలాంటి గుంటలు ప్రతి స్లాబ్ గీత తర్వాతా ఉంటాయి. 499 తర్వాత అర్థమున్న ధర 549, అక్కడ 149 మిగులుతుంది. కానీ సింగిల్ మూడింటి ధర 597 కాబట్టి 549లో తగ్గింపు పెద్దగా కనిపించదు. 499 అంటే 98 తగ్గినట్టు, ఆ తేడా కంటికి ఆనుతుంది.

516ని వదిలేయలేదు. సైట్‌లో కాకుండా వాట్సాప్‌లో గిఫ్ట్ ప్యాక్‌గా పెట్టాం, కొరియర్ వేరే. అక్కడ స్లాబులు లేవు. ఒకరికి పంపడానికి కొనేవాళ్లు 499 అనే బేరపు అంకెకన్నా 516నే ఇష్టపడతారన్నది నా అనుభవం. మన పెళ్లిళ్లలో చదివింపులకి 499 ఎవరూ రాయించరు కదా.

చివరికి నిలబడ్డ మూడు ధరలు ఇవి:

| లిస్టింగ్ | ధర | సరుకు, ప్యాకింగ్ | ఫీజులు, పన్ను | మిగులు |
|---|---|---|---|---|
| ఒక ప్యాకెట్ | 199 | 79 | 97 | 23 |
| జంట | 349 | 152 | 113 | 84 |
| మూడు | 499 | 225 | 154 | 120 |

చివరి నిలువు వరసని ప్యాకెట్ల సంఖ్యతో భాగిస్తే జంటలో ప్యాకెట్‌కి 42, మూడింటిలో 40 వస్తుంది. ప్యాకెట్‌కి మూడింటిలో కాస్త తక్కువైనా పార్శిల్‌కి ఎక్కువ కాబట్టి ఫర్వాలేదు. అందుకే ప్రకటనలు జంట మీదే పెట్టాం. 48 రూపాయల ప్రకటన ఖర్చు పోయినా దాని మీద ఇంకా 36 ఉంటుంది. మరి సింగిల్ ఎందుకు ఉంచడం? రుచి తెలియని కొత్తవాడు ముందు ఒక్కటే కొంటాడు, అతనికి తలుపు కావాలి. పైగా 199 పక్కన ఉంటేనే 349 చవగ్గా కనిపిస్తుంది. సింగిల్ తీసేసి చూసినప్పుడు జంట ఆర్డర్లు పెరగలేదు, పోల్చుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

జంటలో ఏం పెట్టాలన్న దాని మీద కూడా కొంత నడిచింది. మొదట రెండు కందిపొడులు పెడదామన్నారు, తయారీ తేలిక. కొత్తవాడు తెలియని రుచి రెండు ప్యాకెట్లు కొనడు. అది పాత కొనుగోలుదారులకి పనికొచ్చింది, కొత్తవాళ్లకి కందిపొడి, కరివేపాకు పొడి జంట నడిచింది. రెండూ వేడన్నంలోకి నెయ్యితో తినేవే. మూడోదిగా నల్లకారం చేరితే పొద్దున ఇడ్లీలోకి కూడా సరిపోతుంది. అమ్ముడుపోని సరుకు వదిలించుకోవడానికి సెట్లో దూర్చే పద్ధతి ఒకటుంది, నేను ఒప్పుకోను. సెట్‌కి వచ్చే రివ్యూ అందులో అన్నిటికన్నా పాతబడిన ప్యాకెట్‌కే వస్తుంది. మూడూ ఒక కవర్లో పెట్టి ఒక వస్తువుగా అమ్ముతున్నప్పుడు ఆ కవరు మీద కూడా లోపల ఏమేం ఉన్నాయో, మొత్తం బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ ఉండాలి. లోపలి పౌచుల మీద ఉందిలే అంటే తూనికలు కొలతల వాళ్లు ఊరుకోరు.

ఎమ్మార్పీ, తర్వాత తగ్గింపు

పౌచ్ మీద ఎమ్మార్పీ 225 వేయించాం. 399 వేసి "50 శాతం తగ్గింపు" అని చూపించమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఎప్పుడూ ఎవరూ కట్టని ధరని కొట్టేసి చూపించడం కొనేవాణ్ణి మోసగించడమే, ప్రకటనల నిబంధనలు కూడా దాన్ని ఒప్పుకోవు. ఆ సంగతి అటుంచినా, వంద గ్రాముల ధర పక్కనే చూపిస్తున్న రోజుల్లో ఆ ఎత్తు పారదు. 225కీ 199కీ మధ్య ఉన్న 26 రూపాయలు రేపు పప్పు ధర పెరిగితే కదలడానికి ఉంచుకున్న చోటు. ఎమ్మార్పీ దాటి అమ్మకూడదు కాబట్టి 199 అనే అచ్చు వేయించుకుంటే పాత పౌచులు అయిపోయేదాకా చేతులు కట్టేసినట్టే.

మొదటి నెలలో 149కి పెట్టి, రివ్యూలొచ్చాక 199 చేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. రెండు కారణాలతో వద్దన్నాను. 149కి ఒకసారి కొన్నవాడికి 199 పెరిగిన ధర అవుతుంది, అతను మళ్లీ రాడు. రెండోది, పండగ సేల్‌లో చేర్చుకునేటప్పుడు సైట్లు ఈ మధ్య నువ్వు అమ్మిన కనీస ధర ఎంతో చూసి, దానికన్నా తగ్గించమంటాయి. మొదట్లోనే 149 ముద్ర పడితే దసరాకి 139 అడుగుతారు. ఈ వస్తువుకి 139 అంటే పార్శిల్‌కి 32 రూపాయల నష్టం. ధర 199నే ఉంచి కూపన్ ఇస్తే కొనేవాడి బుర్రలో అసలు ధర 199గానే ఉంటుంది. కూపన్ ధరని కూడా కనీస ధర కింద లెక్కేస్తారా లేదా అన్నది సైట్‌నిబట్టి ఉంటుంది, ఇచ్చేముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక తగ్గింపు ఎక్కడ ఇవ్వొచ్చు? దీనికి నేను వాడే లెక్క ఒక్కటే. ఇప్పటి మిగులుని తగ్గింపు తర్వాత మిగులుతో భాగిస్తే, అదే డబ్బు రావడానికి ఎన్ని రెట్లు అమ్మాలో వస్తుంది. షీట్‌లో B2లో ఇప్పటి మిగులు, C2లో తగ్గింపు తర్వాతి మిగులు పెట్టుకుంటే:

```
=B2/C2
```

సింగిల్ మీద 20 రూపాయలు తగ్గిస్తే 179, మిగిలేది 5 కూడా కాదు. అంటే దాదాపు ఐదు రెట్లు అమ్మాలి. పది శాతం తగ్గింపుకి ఐదు రెట్ల అమ్మకం నేనెక్కడా చూడలేదు. మూడింటి సెట్‌ని 449 చేస్తే మిగులు 74, 1.6 రెట్లు అమ్మాలి. జంట మీద 30 కూపన్ ఇస్తే మిగులు 56, ఒకటిన్నర రెట్లు చాలు. పది శాతం, తొమ్మిది శాతం తగ్గింపులు వినడానికి ఒక్కలాగే ఉన్నా, అవి పడే చోటునిబట్టి ఫలితం ఇలా ఉంటుంది. కాబట్టి సింగిల్ మీద తగ్గింపు ఎప్పుడూ లేదని మొదట్లోనే రాసిపెట్టుకున్నాం. మొదలుపెట్టినప్పుడు జంట మీద 30 రూపాయల కూపన్, బడ్జెట్ అయిపోగానే దానంతటది ఆగిపోయేలా పెట్టాం. తేదీకి కట్టిన కూపన్‌కన్నా డబ్బుకి కట్టిన కూపన్ నయం, ఎక్కువలో ఎక్కువ ఎంత పోతుందో ముందే తెలుస్తుంది.

ఎప్పుడివ్వాలన్నది ఈ సరుకు క్యాలెండర్ చెప్పాలి, సైట్ క్యాలెండర్ కాదు. పొడులకి గిరాకీ పెరిగేది పిల్లలు హాస్టళ్లకి వెళ్లే జూన్, జూలైలో, అమెరికా చదువులకి సూట్‌కేసులు సర్దే జూలై, ఆగస్టులో. ఆ తర్వాత కార్తీకంలో, ఉల్లి వెల్లుల్లి మానేసిన ఇళ్లలో. సూట్‌కేసు సర్దుతున్న తల్లి కూపన్ కోసం ఆగదు. ఆ రోజుల్లో తగ్గింపు ఇస్తే ఎలాగూ కొనేవాడికి డబ్బు తిరిగిచ్చినట్టే. అప్పుడు చేయాల్సింది సెట్లు ముందుపెట్టడం. కార్తీకానికి వెల్లుల్లి వేయని కందిపొడితో వేరే జంట లిస్టింగ్ పెట్టాం, పూర్తి ధరకే. తగ్గింపుకి సరైన కాలం కొత్త ఆవకాయ ఇళ్లకొచ్చే మే నెల. అప్పుడు పొడుల వైపు ఎవరూ చూడరు, మిషన్ ఖాళీగా ఉంటుంది.

ఇంకో సందర్భం గడువు. పౌచ్ మీద నాలుగు నెలలు వేస్తారు. రెండు నెలలు దాటిన సరుకు మిగిలితే దానికి లెక్క మారుతుంది. 71 ఎప్పుడో ఖర్చయిపోయింది, ఇప్పుడు చూడాల్సింది ఫీజులు, కవరు పోగా ఎంత చేతికొస్తుందన్నదే. అయినా దాన్ని సైట్‌లో తగ్గించలేదు, కనీస ధర ముద్ర పడుతుంది కదా. వాట్సాప్‌లో పాత ఖాతాదారులకి తయారీ తేదీ చెప్పి 90కి ఇచ్చేశారు.

నాలుగో నెల తర్వాత

మొదట్లో ఆర్డర్లలో మూడింట రెండు వంతులు సింగిలే. కూపన్, ప్రకటనలు జంట మీద ఉండటం వల్ల, సింగిల్ కొన్నవాళ్లు రెండోసారి సెట్‌కి రావడం వల్ల నాలుగో నెలకి జంట, మూడు కలిపి సగం దాటాయి. ప్రకటనల ఖర్చు తీయకముందు సగటున పార్శిల్‌కి మిగిలేది 60 దాటింది. కూపన్ అప్పటికే ఆగిపోయింది, జంట ఆర్డర్లు కొంచెం తగ్గి అక్కడే నిలబడ్డాయి.

ఆ తర్వాత పప్పు, మిరప ధరలు పెరిగి ప్యాకెట్ తయారీ మీద 8 రూపాయలు ఎక్కువైంది. సింగిల్ మిగులు 15కి, జంటది 68కి, మూడింటిది 96కి దిగాయి. ఆవిడ ప్యాకెట్‌ని 180 గ్రాములు చేద్దామన్నారు. అలా చేస్తే వంద గ్రాముల ధర 110 దాటి కనిపిస్తుంది, లేబుళ్లన్నీ మార్చాలి, పాత రివ్యూల కింద "బరువు తగ్గించారు" అనే మాట చేరుతుంది. సింగిల్‌ని 199 దగ్గరే వదిలేసి జంటని 369 చేశాం. 349 అయినా 369 అయినా మూడొందల చిల్లరే, మిగులు 86కి తిరిగొచ్చింది. మూడింటి సెట్ మాత్రం ఇంకా 499 దగ్గరే ఉంది. పెంచితే 549కే పెంచాలి. అక్కడ 125 మిగులుతుంది కాబట్టి ఆర్డర్లు 23 శాతం దాకా తగ్గినా తట్టుకుంటుంది. జంట 369 అయ్యాక మూడో ప్యాకెట్ 130కే వస్తున్నట్టు కనిపిస్తోంది, ఆ ఆకర్షణతో సెట్ ఆర్డర్లు పెరుగుతున్నాయి. అవి ఎక్కడ ఆగుతాయో చూసి, గిరాకీ గట్టిగా ఉండే కార్తీకంలో 549 పెడదామని ఆపాం.